పైన ఉన్న ఫ్యాన్ పొద్దున్నే గర్ర్‌మంటోంది, వెనకది మాత్రం నోరు మెదపదు. రెండూ ఒకే మోడల్!

జిరాక్స్_అక్క (అనంతపురం)
నమస్తే. కమలానగర్‌లో నాకు చిన్న జిరాక్స్, డీటీపీ కొట్టు ఉంది. కంప్యూటర్ కొని నాలుగేళ్లయింది. క్యాబినెట్‌కు వెనక ఒకటి, పైన మూతకు ఒకటి, రెండు 120 ఎంఎం ఫ్యాన్లున్నాయి. ఒకే మోడల్, ఒకే రోజు బిగించినవి. రెండు నెలల నుంచి పైన ఉన్న ఫ్యాన్ పొద్దున స్విచ్ వేయగానే గర్ర్‌మని అరుస్తోంది. పది పదిహేను నిమిషాలు అరిచి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. వెనక ఫ్యాన్‌కు ఏ రోగమూ లేదు. దుమ్ము ఊదాను, స్క్రూలు బిగించాను, మార్పు లేదు. బాక్సు ఇంకా దాచే ఉంచాను. దాని మీద స్లీవ్ బేరింగ్, 30,000 గంటలు అని ఉంది. నా కొట్టు రోజుకు పది గంటలు, ఏడాదికి మూడొందల రోజులు. నాలుగేళ్లంటే 12,000 గంటలే కదా. మిగతా 18,000 గంటలు ఎవరు తిన్నట్టు?

పొలంగట్టు (ధర్మవరం)
అక్కా, పైన ఫ్యాన్ అరుస్తుందంటే బేరింగ్ పోయినట్టే. మా ఇంట్లో హాల్లోదీ ఇట్లాగే అరిచింది. ఎలక్ట్రీషియన్ విప్పి 6202 బేరింగులు రెండు మార్చాడు. కప్పు నుంచి దించేటప్పుడు ఇద్దరు ఉండాలి, ఒక్కరితో కాదు. రెక్కలు ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి, మారిస్తే ఊగుతుంది.

జిరాక్స్_అక్క
అన్నా, అది ఇంటి కప్పుకు ఉండే ఫ్యాన్. నేను చెప్పేది కంప్యూటర్ డబ్బాకు పైన ఉండేది. అరచేతంత ఉంటుంది.

పొలంగట్టు
అయ్యో. సరేమ్మా, నేను కూర్చొని వింటా.

ఫ్రేమ్‌రేట్ (కర్నూలు)
స్లీవ్ అంటేనే చెత్త. తీసి పారేసి బాల్ బేరింగ్ ఫ్యాన్ వేయండి, సౌండే ఉండదు. బాల్ బేరింగ్ అన్నిటికన్నా సైలెంట్, లైఫ్ డబుల్. అప్పటిదాకా తుప్పు వదిలించే స్ప్రే ఒకసారి మధ్యలో కొట్టండి, వెంటనే తగ్గిపోతుంది. నేను నా గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్‌కు అదే చేశా.

సర్వర్_గది (కర్నూలు)
ఫ్రేమ్‌రేట్ తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం. బాల్ బేరింగ్ ఎక్కువ కాలం బతుకుతుంది, అందులోనూ వేడి చోట. కానీ సైలెంట్ అనకండి. కొత్తప్పుడు పక్కపక్కన పెట్టి వింటే స్లీవే నెమ్మది. బాల్‌లో ఉక్కు గుండ్లు ఉక్కు గాడిలో దొర్లుతాయి కాబట్టి సన్నటి ఈల లాంటిది మొదటి రోజు నుంచే ఉంటుంది. తేడా ఏమిటంటే, బాల్ ఏళ్ల తరబడి అదే గొంతుతో ఉంటుంది. స్లీవ్ మొదట నిశ్శబ్దంగా ఉండి, నూనె అయిపోయిన రోజు ఒక్కసారిగా గొంతెత్తుతుంది.

ఆ స్ప్రే మాత్రం వద్దు. దాంట్లో ఎక్కువ భాగం ద్రావకం. లోపల మిగిలిన కాస్త నూనెనూ కడిగేసి తానూ ఆవిరైపోతుంది. నాలుగు రోజులు హాయిగా ఉండి అయిదో రోజు ముందుకన్నా గట్టిగా అరుస్తుంది.

అక్కా, మీరు అడిగినదాంట్లోనే సమాధానం ఉంది. రెండూ ఒకే ఫ్యాన్, ఒకే వయసు. వెనకది నిలబడి ఉంది, పైది పడుకొని ఉంది. చేయి వేసే ముందు చిన్న పరీక్ష చేయండి. రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు క్యాబినెట్‌ను మెల్లగా పక్కకు పడుకోబెట్టి స్విచ్ వేయండి. అప్పుడు పై ఫ్యాన్ నిలబడినట్టవుతుంది. శబ్దం మారుతుందేమో వినండి. ఆ తర్వాత కరెంటు తీసి, రెక్కల మధ్య ఉండే గుండ్రటి మూతను రెండు వేళ్లతో పట్టుకొని అటూ ఇటూ మెల్లగా ఊపండి, వెనక ఫ్యాన్‌నూ అలాగే ఊపండి. పైకీ కిందికీ కాస్త కదలడం మామూలే. పక్కలకు ఎంత ఊగుతుందో చూడండి.

వైండింగ్_కొట్టు (కడప)
మా భాషలో స్లీవ్ అంటే బుష్. ఏడురోడ్ల దగ్గర ముప్పై ఏళ్లుగా టేబుల్ ఫ్యాన్లు, మోటార్లు చుడుతున్నా. టేబుల్ ఫ్యాన్‌లో ఉండేదీ మీ కంప్యూటర్ ఫ్యాన్‌లో ఉండేదీ ఒకటే జాతి. ఇత్తడి ముక్కలా కనిపిస్తుంది గానీ పోత పోసినది కాదు. కంచు పొడిని అచ్చులో నొక్కి కాల్చి చేస్తారు, అందుకే ఒళ్లంతా కంటికి కనపడని రంధ్రాలు. వాటిలో నూనె నింపుతారు. ఇరుసు తిరిగి వేడెక్కితే నూనె బయటికి ఊరుతుంది, ఆపితే మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. టేబుల్ ఫ్యాన్‌లో బుష్ చుట్టూ నూనెలో తడిపిన ఫెల్ట్ ఉంటుంది. మీ చిన్న ఫ్యాన్‌లో ఆ నిల్వ కూడా లేదు, బుష్‌లో ఉన్నదే ఆస్తి. పొద్దున అరిచి తర్వాత ఊరుకోవడానికి కారణం అదే. నూనె తగ్గిపోయింది, ఉన్నది జిగటైంది. కాస్త వేడెక్కాక ఆ మిగిలింది పలచబడి ఊరి ఇరుసుకు అంటుకుంటోంది.

కొబ్బరి నూనె మాత్రం పోయొద్దు తల్లీ. టేబుల్ ఫ్యాన్లకు అదే పోసుకొని వస్తారు నా దగ్గరికి. ఎండాకాలం బాగానే తిరుగుతుంది. డిసెంబరు పొద్దున గడ్డకట్టి ఫ్యాన్ కదలదు, మోటారు ఉడుకుతుంది.

ఫ్రేమ్‌రేట్
అనంతపురంలో కొబ్బరి నూనె ఎవరు పోస్తారు అన్నా, వేరుశనగ నూనె పోస్తారు 😄

వైండింగ్_కొట్టు
అదీ వచ్చింది నా దగ్గరికి. బుష్ మీద పాకం పట్టినట్టు గట్టిపడింది. కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెడితే గానీ ఇరుసు ఊడలేదు.

జిరాక్స్_అక్క
పరీక్ష చేశాను. పక్కకు పడుకోబెట్టి వేస్తే గర్ర్ చాలావరకు తగ్గింది. సన్నగా టిక్ టిక్ మాత్రం వినిపించింది. మళ్లీ నిలబెట్టగానే గర్ర్ మొదలు. వేలితో ఊపితే వెనకది దాదాపు కదల్లేదు, పైది పక్కలకు స్పష్టంగా ఊగింది. పడుకుంటే ఎందుకు అరగాలి? తిరిగేది అదే కదా?

సర్వర్_గది
ఫ్యాన్ నిలబడి ఉంటే ఇరుసు నేలకు సమాంతరంగా ఉంటుంది. రెక్కల బరువు ఇరుసును బుష్‌లో ఒక పక్కకు ఆనిస్తుంది. అక్కడ పలచటి నూనె పొర ఒకటి ఏర్పడి, ఇరుసు దాని మీదే కుదురుగా తిరుగుతుంది. పడుకోబెడితే ఇరుసును పక్కకు ఒత్తే బరువు ఉండదు. బుష్‌కూ ఇరుసుకూ మధ్య ఉన్న సందులో అది గిరగిరా ఊగుతూ అన్ని గోడలనూ తాకుతుంది. కొత్తగా ఉండి నూనె నిండుగా ఉంటే ఆ ఊగుడు తెలియదు. నూనె తగ్గేకొద్దీ గర్ర్ అవుతుంది.

మీ విషయంలో ఇంకొకటి ఉంది. పై ఫ్యాన్ గాలిని పైకి తోస్తుంది. అంటే స్టిక్కర్ ఉన్న వైపు పైకి, రెక్కలు కిందికి వేలాడుతున్నాయి. బుష్‌కు రెండు చివరలు. స్టిక్కర్ వైపు మూసి ఉంటుంది, రెక్కల వైపు తెరిచి ఉంటుంది. ఆ తెరిచిన నోరు నాలుగేళ్లుగా నేల వైపు ఉంది. నూనె ఎటు పోతుందో మీరే ఊహించండి. పైగా రెక్కల బరువంతా ఇరుసు చివర ఉండే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు, వాషరు మీద వేలాడుతోంది. గాలిని పైకి తోసినప్పుడు ఎదురు ఒత్తిడి రెక్కలను ఇంకా కిందికే లాగుతుంది.

ఇక మీ 18,000 గంటలు. బాక్సు మీద రాసే గంటలు ఏదో ఒక ఉష్ణోగ్రత దగ్గర కట్టినవి. కొందరు 25 డిగ్రీలు అంటారు, కొందరు 40. లోపలి వేడి గాలంతా పైకి లేచి ఆ ఫ్యాన్‌లోంచే పోతుంది. మే నెలలో అనంతపురం కొట్టులోనే 40 ఉంటే అక్కడ 50 దాటినా ఆశ్చర్యం లేదు. పది డిగ్రీలు పెరిగితే నూనె ఆయుష్షు సగమవుతుందని మోటుగా ఒక లెక్క వేస్తారు. కచ్చితమైన సూత్రం కాదు గానీ దిశ సరైనదే. వెనక ఫ్యాన్‌కు కొంత చల్లటి గాలి, మంచి భంగిమ దొరికాయి, అందుకే బతికింది. అసలు ఆ గంటలు కూడా అందరూ ఒకేలా కట్టరు. వంద ఫ్యాన్లు తిప్పితే పది పోయేదాకా పట్టిన కాలం కొందరిది, సగటు కొందరిది. కాబట్టి రెండు బాక్సుల మీద అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ.

పాలిష్_దుమ్ము (తాడిపత్రి)
నాదీ ఒక కేసు. బండల పాలిష్ యూనిట్ ఆఫీసులో సీసీ కెమెరాల డబ్బా 24 గంటలూ తిరుగుతుంది. దాంట్లో 40 ఎంఎం చిన్న ఫ్యాన్. స్లీవ్‌ది ఏడాదికి పోయింది. ఇదే వేదికలో ఎవరో చెబితే బాల్ బేరింగ్‌ది వేశా. అదీ ఏడాదిన్నరకు గరగర. మరి బాల్ డబుల్ లైఫ్ అన్నారు కదా?

సర్వర్_గది
రోజంతా తిరిగితే ఏడాదికి 8,760 గంటలు. ఏడాదిన్నరంటే 13,000. అక్క నాలుగేళ్ల కన్నా ఎక్కువే నడిచింది మీ ఫ్యాన్. పైగా చిన్న ఫ్యాన్ గాలి కోసం చాలా వేగంగా తిరగాలి. మీ దగ్గర రాతి పొడి రెక్కల మీద ఒకే పక్క పేరుకుంటే బరువు తప్పుతుంది, ఆ అదురు నేరుగా గుండ్ల మీద పడుతుంది. బేరింగ్‌కు రెండు వైపులా రేకు మూత ఉంటుంది గానీ అది గాలి చొరబడనంత బిగువు కాదు. బిగించే ముందు కింద పడిందా? బాల్ బేరింగ్‌కు అది ఇంకో శాపం. ఒక్క దెబ్బకు గుండ్లు గాడిలో సన్నటి గుంటలు పెడతాయి. కంటికి కనపడవు, తిరిగితే టక టక వినిపిస్తాయి.

పాలిష్_దుమ్ము
కింద పడినట్టు గుర్తు లేదు. కొరియర్‌లో ఏమైందో తెలియదు. నేను మాత్రం దుమ్మే అంటా.

మైకు_ముందు (కడప)
నేను ఇంట్లో వాయిస్ రికార్డింగ్ చేస్తాను. బాల్ అంటే నాకు సరిపడలేదు. ఫ్యాన్‌ను 600 ఆర్‌పీఎంకు దించాక గాలి శబ్దం పోయింది గానీ, సన్నటి సిర్ర్ ఒకటి ప్రతి రికార్డింగులో పడింది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ ఉన్న ఫ్యాన్ వేశాక పోయింది. మూడేళ్లయింది, ఇంతవరకు నోరెత్తలేదు. అక్కా, అదే తీసుకోండి, ధర చూడకండి.

సర్వర్_గది
మీకది సరైనదే. అక్కకు అవసరమా అన్నది వేరే. వేగం సగం చేస్తే గాలి శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకే 1,500 దగ్గర ఏ బేరింగ్ అయినా గాలి హోరులో కలిసిపోతుంది. 600 దగ్గర గాలి తప్పుకుంటుంది, బేరింగ్ ఒక్కటే మిగులుతుంది. పక్కన జిరాక్స్ మిషన్ తిరిగే కొట్టులో ఆ సిర్ర్ ఎవరికి వినిపిస్తుంది?

ఫ్రేమ్‌రేట్
ఫ్లూయిడ్ కూడా లోపల నూనె బుషే కదా అన్నా? మరి అది ఎందుకు అరగదు? పేరు మార్చి రేటు పెంచారని నా అనుమానం.

సర్వర్_గది
బుషే, ఆ మాట కరెక్ట్. తేడా లోపలి గోడ మీద ఉంటుంది. చేపముల్లు ఆకారంలో సన్నటి గాళ్లు చెక్కుతారు. ఇరుసు తిరిగినప్పుడు ఆ గాళ్లు నూనెను రెండు వైపుల నుంచీ మధ్యకు తోస్తాయి. అక్కడ ఒత్తిడి పెరిగి ఇరుసును చుట్టూ సమానంగా ఒత్తి పట్టుకుంటుంది. అంటే పడుకున్నా నిలబడ్డా ఇరుసు మధ్యలోనే తేలుతుంది, లోహానికి లోహం తగలదు. చివరలు మూసి ఉంటాయి కాబట్టి నూనె కారదు. అరుగుదల అంతా మొదలయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ, ఆ ఒత్తిడి లేని క్షణాల్లోనే. అందుకని ఫ్యాన్‌ను మాటిమాటికీ ఆపి వేసే సెట్టింగు పెట్టుకోకండి, నెమ్మదిగా అయినా తిరగనివ్వండి.

నీ అనుమానం కూడా ఉట్టిది కాదు. హైడ్రాలిక్ అనో, హైడ్రో అనో రాసి అమ్మేవాటిలో చాలావరకు కాస్త పెద్ద నూనె గది ఉన్న మామూలు స్లీవ్‌లే. రైఫిల్ అని ఇంకోటి ఉంది, దానికి మెలి తిరిగిన ఒక గాడి ఉంటుంది, నూనెను తిప్పుతుంది. స్లీవ్ కన్నా మేలు, చేపముల్లుకు తక్కువ. కోసి చూడకుండా తేల్చలేం. నేనైతే పేరు వదిలేసి గ్యారంటీ చూస్తా. ఏడాది ఇచ్చేవాడు ఒక రకం, అయిదారేళ్లు ఇచ్చేవాడు ఇంకో రకం.

జిరాక్స్_అక్క
మూడు వారాల తర్వాత వస్తున్నా. కొనే ముందు నూనె పోసి చూద్దామని విప్పాను. స్టిక్కర్ తీస్తే రబ్బరు మూత ఉంది, దాని కింద తెల్ల క్లిప్పు, ఇరుసు చివర చుట్టూ గోధుమ రంగు జిగురు. దూది పుల్లతో తుడిచి కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేశాను. కొత్తదానిలా అయింది, నా సంతోషం చూడాలి! సరిగ్గా పంతొమ్మిదో రోజు మళ్లీ గర్ర్. స్టిక్కర్ కూడా అంటుకోక ఊడి వేలాడుతోంది.

వైండింగ్_కొట్టు
జిగురు మీద నూనె పడితే స్టిక్కర్ నిలవదు తల్లీ. ముందు స్పిరిట్‌తో తుడిచి, కొత్త టేపు వేయాలి. అయినా నూనె అరిగిన కంచును తిరిగి తేలేదు. మీరు ఊపినప్పుడు పక్కలకు ఊగిందన్నారు కదా, అప్పుడే దాని కథ అయిపోయింది. ఊగుడు రాకముందు, మొదటి గర్ర్ రోజునే వేసి ఉంటే ఏడాదో రెండేళ్లో లాగేది. ఆ పాత ఫ్యాన్ పారేయకండి. నాకు కొరియర్ చేస్తే కోసి చూసి చెబుతా.

సర్వర్_గది
కొత్తదానికి నా సలహా: పైన బాల్ బేరింగ్, రెండు వైపులా గుండ్లున్న రకం. ఒకవైపు గుండ్లు, ఒకవైపు బుష్ పెట్టి కూడా బాల్ అనే అమ్ముతారు, అడిగి తీసుకోండి. మూత మీద స్క్రూల బదులు రబ్బరు పిన్నులు వాడితే ఈల డబ్బాకు ఎక్కదు. బిగించేటప్పుడు మధ్య మూత నొక్కొద్దు, అంచులు పట్టుకోండి. వెనక ఉన్న స్లీవ్‌ను కదపకండి, అది ఉన్న చోట సుఖంగా ఉంది.

మైకు_ముందు
నా ఓటు ఇప్పటికీ ఫ్లూయిడ్‌కే. వేడిలో పడుకొని నాలుగేళ్లు నడిచిన ఫ్లూయిడ్ ఫ్యాన్ ఎవరి దగ్గరైనా ఉందా? నాది నిలబడి ఉంది, చల్లటి గదిలో ఉంది.

ఫ్రేమ్‌రేట్
నా గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ మళ్లీ అరుస్తోంది. స్ప్రే సంగతి ఇక నన్ను అడగొద్దు.

జిరాక్స్_అక్క
పైన బాల్ వేశాను. రెండు నెలలైంది. మిషన్ ఆపి చెవి పెడితే సన్నటి ఈల ఉంది, లేకపోతే తెలియదు. పాతది కడపకు పంపాను.

వైండింగ్_కొట్టు
అందింది, కోశాను. రెక్కల వైపు ఉన్న బుష్ నోరు గంటలా విచ్చుకుంది, స్టిక్కర్ వైపు దాదాపు కొత్తదే. ఇరుసు మీద అదే చోట మెరిసే పట్టీ ఉంది. తెల్ల వాషరు ఒక పక్క సగానికి అరిగింది. మా కర్నూలు సారు చెప్పినట్టు నూనె కిందికి కారిన మాట నిజమే అనిపిస్తోంది. కానీ ఆ నోట్లో వేలు పెట్టి రుద్దితే గరుకుగా ఉంది, సన్నటి ఇసుక. నా లెక్కలో ముందు దుమ్ము చేరి నూనెను తాగింది, కారడం తర్వాత.

సర్వర్_గది
తెరిచిన నోరు కింద ఉంటే, ఆ ఫ్యాన్‌లోకి వచ్చే గాలి కూడా కింది నుంచే కదా. దుమ్ము నేరుగా అక్కడికే వస్తుంది. ఏది ముందో నేనైతే చెప్పలేను. అక్కా, క్యాబినెట్ ముందు జాలీ ఉందా?

జిరాక్స్_అక్క
ఉండేది. కడిగి ఆరబెట్టినప్పుడు ఎవరో పట్టుకుపోయారు.